బెట్టింగ్ ఖాతాలో ముందుగా పడే ఐదు డాలర్లు: లాగిన్‌లు ఎలా పోతున్నాయి, టూ-ఫ్యాక్టర్ ఎక్కడ ఆపుతుంది, ఎక్కడ ఆపలేదు

సంక్షిప్తంగా: బెట్టింగ్ ఖాతాలు దొంగల చేతికి వెళ్లేది ఎక్కువగా మూడు దారుల్లో. ఇంకెక్కడో లీకైన పాత పాస్‌వర్డ్ ఒకటి, నకిలీ లాగిన్ పేజీ ఇంకొకటి, నకిలీ యాప్ మూడోది. పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో రుజువు అడిగే టూ-ఫ్యాక్టర్ ఈ మూడింటినీ ఒకేలా అడ్డుకోదు. ఎస్సెమ్మెస్ ఓటీపీ మొదటిదాన్ని బాగా ఆపుతుంది, రెండోదాన్ని కొంతవరకే ఆపుతుంది, మూడోదాన్ని దాదాపు ఆపలేదు. ఏ రకం కోడ్ ఏ దాడికి పనికొస్తుందో తెలిస్తే, దాన్ని ఏ క్రమంలో పెట్టుకోవాలో కూడా తెలుస్తుంది.

## 2022 నవంబర్‌లో ఏం జరిగింది

2022 నవంబర్ 18న అమెరికాలోని డ్రాఫ్ట్‌కింగ్స్ బెట్టింగ్ సైట్ వినియోగదారుల ఖాతాల మీద పెద్ద దాడి మొదలైంది. ఆ తర్వాతి రోజుల్లో డబ్బు పోయినవాళ్లు చెప్పిన వివరాలు ఒకేలా ఉన్నాయి. ముందు ఖాతాలో తాము వేయని 5 డాలర్ల డిపాజిట్ కనిపించింది. పాస్‌వర్డ్ మారిపోయింది. టూ-ఫ్యాక్టర్ ఎవరిదో తెలియని ఫోన్ నంబర్‌తో ఆన్ అయి ఉంది. ఆ తర్వాత డబ్బు విత్‌డ్రా అవుతూ పోయింది. సొంత ఖాతా కళ్లముందే ఖాళీ అవుతున్నా లోపలికి వెళ్లే దారి లేకపోయింది.

తమ సర్వర్లలోకి ఎవరూ చొరబడలేదని, వేరే సైట్ల నుంచి బయటపడ్డ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌లనే ఇక్కడ వాడారని కంపెనీ ప్రకటించింది. మొదట చెప్పిన నష్టం 3 లక్షల డాలర్ల లోపు. ఆ సొమ్ము తిరిగి ఇస్తామని కూడా చెప్పింది. తర్వాత అధికారులకు ఇచ్చిన నోటీసులో ఈ దాడి 67,995 మందిని తాకినట్టు పేర్కొంది. కేసు కోర్టుకు వెళ్లాక ప్రాసిక్యూటర్లు చెప్పిన నష్టం మొదట చెప్పినదానికంటే పెద్దది. సుమారు 60,000 ఖాతాల్లోకి దొంగలు వెళ్లగలిగారు. వాటిలో దాదాపు 1,600 ఖాతాల నుంచి మొత్తం 6 లక్షల డాలర్లు పోయాయి. అంటే సగటున ఒక్కో ఖాతాకు 375 డాలర్లు.

ఈ పని చేసింది గొప్ప నైపుణ్యమున్న ముఠా ఏమీ కాదు. ప్రధాన నిందితుడి వయసు అప్పటికి 18 ఏళ్లు. 2023 ఫిబ్రవరిలో ఇంట్లో సోదా చేసినప్పుడు అతని కంప్యూటర్లో దాదాపు 4 కోట్ల యూజర్‌నేమ్-పాస్‌వర్డ్ జతలు దొరికాయి. డజన్ల కొద్దీ సైట్ల మీద వాటిని పరీక్షించడానికి తయారుచేసిన సుమారు 700 కాన్ఫిగ్ ఫైళ్లు కూడా ఉన్నాయి. అతను నేరం ఒప్పుకున్నాడు. 2024లో 18 నెలల జైలు శిక్ష పడింది.

ఈ పద్ధతిని క్రెడెన్షియల్ స్టఫింగ్ అంటారు. ఇందులో పాస్‌వర్డ్‌ను ఊహించే పని ఉండదు. ఎప్పుడో ఒక షాపింగ్ సైట్ నుంచో గేమింగ్ ఫోరం నుంచో లీకైన జాబితాను సాఫ్ట్‌వేర్‌కి ఇస్తారు. లాగిన్ పేజీ ఎక్కడుంది, సరైన పాస్‌వర్డ్ పడితే సైట్ ఏం చెబుతుంది, బ్యాలెన్స్ ఎక్కడ కనిపిస్తుంది అన్న వివరాలు కాన్ఫిగ్ ఫైల్లో ఉంటాయి. ఒక్కో జతనీ ఒక్కసారే, ఒక్కో ఐపీ అడ్రస్ నుంచి ప్రయత్నిస్తారు. ఐదుసార్లు తప్పు పాస్‌వర్డ్ కొడితే ఖాతా లాక్ అయ్యే ఏర్పాటు ఇక్కడ పనిచేయదు, ఎందుకంటే ఏ ఖాతా మీదా ఐదు ప్రయత్నాలు జరగవు. అదే పాస్‌వర్డ్‌ను రెండు చోట్ల వాడినవాళ్ల ఖాతా మొదటి ప్రయత్నంలోనే తెరుచుకుంటుంది. సైట్ వైపు నుంచి చూస్తే అది మామూలు లాగిన్.

## ఆ ఐదు డాలర్లు దేనికి

లోపలికి వెళ్లడం వేరు, డబ్బు బయటకు తీయడం వేరు. బెట్టింగ్ ఖాతాల్లో ఈ రెండో పనికి ఒక అడ్డు ఉంటుంది. మనీ లాండరింగ్ జరగకుండా లైసెన్స్ ఉన్న చాలా సైట్లు డబ్బు వచ్చిన దారిలోనే వెనక్కి పంపాలన్న నియమం పాటిస్తాయి. ఏ కార్డు లేదా బ్యాంకు ఖాతా నుంచి డిపాజిట్ చేస్తే విత్‌డ్రా కూడా దానికే వెళ్తుంది. దొంగకు లాగిన్ దొరికినా, డబ్బు అసలు యజమాని బ్యాంకుకే పోతుందంటే అతనికి ఒరిగేదేమీ లేదు.

ఐదు డాలర్లు ఈ అడ్డును తొలగించడానికే. దొంగ ముందు తన పేమెంట్ పద్ధతిని ఖాతాకు జోడిస్తాడు. దాని నుంచి ఒక చిన్న మొత్తం డిపాజిట్ చేస్తాడు. దాంతో ఆ పద్ధతి డబ్బు వచ్చిన దారుల్లో ఒకటిగా సైట్ దృష్టిలో నమోదవుతుంది. ఇక మొత్తం బ్యాలెన్స్‌ను అటే పంపొచ్చు. కోర్టు పత్రాల్లో వివరించిన క్రమం సరిగ్గా ఇదే. నిందితుడు చాలా ఖాతాలను తాను ఖాళీ చేయలేదు, వాటి లాగిన్‌లను ఇతరులకు అమ్మాడు. కొన్నవాళ్లు ఈ ఐదు డాలర్ల పద్ధతితో డబ్బు తీసుకున్నారు.

కాబట్టి బెట్టింగ్ ఖాతాలో అన్నిటికంటే ముందు కనిపించే లక్షణం డబ్బు పోవడం కాదు, డబ్బు రావడం. వేయని చిన్న డిపాజిట్, కొత్త పేమెంట్ పద్ధతి జోడించారన్న మెయిల్, ఈ రెండింట్లో ఏది కనిపించినా విత్‌డ్రా ఇంకా జరగకపోయి ఉండొచ్చు. అప్పుడు చేతిలో కొద్దిపాటి సమయమే ఉంటుంది, కానీ ఉంటుంది. చాలామంది ఆ మెయిల్‌ను బోనస్ ప్రచారం అనుకుని వదిలేస్తారు. సైట్లు రోజూ పంపే ఆఫర్ మెయిళ్ల మధ్య అది కలిసిపోతుంది కూడా. అందుకే సెట్టింగ్స్‌లో ప్రచార మెయిళ్లను ఆపేసి, లాగిన్, పేమెంట్ హెచ్చరికలను మాత్రం ఉంచుకోవడం చిన్న పనిలా కనిపించినా చాలా ఉపయోగం.

దొంగలు టూ-ఫ్యాక్టర్‌ను తామే ఆన్ చేసిన సంగతిని కూడా ఇక్కడే గమనించాలి. ఆ ఖాతాల్లో టూ-ఫ్యాక్టర్ అందుబాటులో ఉంది, కానీ ఖాళీగా ఉంది. తలుపుకు తాళం వేసే వీలుండి వేయకపోతే, లోపలికి వచ్చినవాడు తన తాళం వేసుకున్నట్టే అయింది. యజమానిని కాపాడాల్సిన ఏర్పాటు యజమానినే బయట నిలబెట్టింది.

## లీకు లేకపోతే ఫిషింగ్

పాస్‌వర్డ్ ఎక్కడా లీకవనప్పుడు దాన్ని యజమాని చేతే టైప్ చేయిస్తారు. దీనికి ముందు కావాల్సింది ఎవరికి బెట్టింగ్ ఖాతా ఉందో తెలియడం. 2023 జనవరిలో మెయిల్‌చింప్ అనే మెయిలింగ్ సేవలో చొరబాటు జరిగినప్పుడు ఫ్యాన్‌డ్యూయెల్ అనే మరో బెట్టింగ్ సంస్థ వినియోగదారుల పేర్లు, ఈమెయిల్ అడ్రస్‌లు బయటకు వెళ్లాయి. పాస్‌వర్డ్‌లు, ఖాతా వివరాలు అందులో లేవు. అయినా ఫిషింగ్ మెయిళ్లు రావచ్చు, జాగ్రత్త అని ఆ సంస్థ హెచ్చరించింది. వట్టి పేరు, మెయిల్ అయినా సరే, ఫలానా సైట్‌లో ఖాతా ఉందన్న సంగతి తోడైతే దొంగకు సగం పని అయిపోయినట్టే.

ఇలాంటి మెయిల్ లేదా మెసేజ్‌లో చెప్పే కారణాలు కొన్నే ఉంటాయి. విత్‌డ్రా ఆగిపోయింది, కేవైసీ మళ్లీ చేయాలి. ఉచిత బెట్ ఇంకో గంటలో ముగిసిపోతుంది. కొత్త డివైస్ నుంచి లాగిన్ అయింది, మీరు కాకపోతే ఇక్కడ నొక్కండి. మ్యాచ్ మొదలవడానికి కాస్త ముందు వస్తే వీటికి బలం ఎక్కువ. ఆ సమయంలో ఎవరూ అడ్రస్ బార్ వైపు చూడరు, బెట్ వేసే టైం దాటిపోతుందన్న టెన్షన్‌లో ఉంటారు.

బెట్టింగ్ రంగంలో ఫిషింగ్‌కు అనుకూలించే అలవాటు ఇంకొకటి ఉంది. బ్లాక్ అయిన సైట్లు తరచూ అడ్రస్ మార్చి, మిర్రర్ లింకులను మెసేజింగ్ గ్రూపుల్లో పంచుతుంటాయి. బ్యాంకు అడ్రస్ మారిందంటే ఎవరైనా అనుమానిస్తారు. బెట్టింగ్ సైట్ అడ్రస్ మారిందంటే మాత్రం అది మామూలే అనుకుని లాగిన్ అయిపోతారు. అడ్రస్ చూసి గుర్తుపట్టే పద్ధతి ఈ అలవాటు ఉన్నచోట పూర్తిగా దెబ్బతింటుంది. లింకు పంపినవాళ్లు అసలు సైట్ వాళ్లేనా అని తేల్చుకునే మార్గం వినియోగదారుకు ఉండదు. లైసెన్స్ లేని ఇలాంటి సైట్‌లో డబ్బు పోతే ఫిర్యాదు చేయడానికి నియంత్రణ సంస్థ కూడా ఉండదు.

స్థిరమైన అడ్రస్ ఉన్న సైట్ విషయంలో మాత్రం అడ్రస్ చదవడం వస్తే చాలావరకు బయటపడొచ్చు. మెసేజ్‌లో వచ్చిన లింకు ఇలా ఉందనుకుందాం:

```
https://betsite.example.bonus-kyc.test/login
```

ఎడమవైపు నుంచి చదివితే తెలిసిన సైట్ పేరే ముందు కనిపిస్తుంది. కానీ చదవాల్సింది అటు నుంచి కాదు. `https://` తర్వాత వచ్చే మొదటి `/` గుర్తు దగ్గర ఆగి, అక్కడి నుంచి ఎడమకు రావాలి. ఇక్కడ ఆ గుర్తుకు ముందున్న చివరి రెండు ముక్కలు `bonus-kyc.test`. ఈ పేజీకి అసలు యజమాని అదే. దానికి ముందు ఏ పేరు తగిలించుకోవాలన్నది ఆ యజమాని ఇష్టం. ఫోన్ బ్రౌజర్లలో అడ్రస్ మొత్తం కనిపించకపోవచ్చు కాబట్టి బార్ మీద నొక్కి పూర్తిగా చూడాలి. కొన్ని దేశాల అడ్రస్‌లు `co.uk` లాగా రెండు ముక్కలతో ముగుస్తాయి, అలాంటప్పుడు ఇంకో ముక్క ఎడమకు వెళ్లాలి.

తాళం గుర్తు ఉంది కాబట్టి సైట్ అసలుదే అన్న నమ్మకం ఇంకా చాలామందిలో ఉంది. కనెక్షన్ మధ్యలో ఎవరూ చదవలేరన్నది మాత్రమే ఆ గుర్తుకు అర్థం. అవతలి చివర ఎవరున్నారో అది చెప్పదు. ఆ సర్టిఫికెట్ ఎవరికైనా ఉచితంగా నిమిషాల్లో వస్తుంది, దొంగకు కూడా.

## ఓటీపీని కూడా దాటే పేజీ

పాత ఫిషింగ్ పేజీ పాస్‌వర్డ్ తీసుకుని ఎక్కడో దాచుకునేది. దొంగ తీరిగ్గా తర్వాత వాడేవాడు. అప్పుడు ఓటీపీ అడ్డుగా నిలిచేది. ఇప్పుడు వాడుతున్న కిట్లు చాలావరకు వేరు. నకిలీ పేజీ వెనక ఒక రివర్స్ ప్రాక్సీ ఉంటుంది, అంటే వినియోగదారుకూ అసలు సైట్‌కూ మధ్య కూర్చునే సర్వర్.

వినియోగదారు పాస్‌వర్డ్ కొట్టగానే ఆ సర్వర్ దాన్ని అసలు సైట్‌కి అందిస్తుంది. అసలు సైట్ నిజమైన ఓటీపీని నిజమైన ఫోన్‌కి పంపుతుంది. ఓటీపీ వచ్చింది కాబట్టి వినియోగదారుకు నమ్మకం కుదురుతుంది, దాన్ని నకిలీ పేజీలో కొడతాడు. సర్వర్ దాన్నీ అందిస్తుంది. లాగిన్ విజయవంతమవుతుంది. అప్పుడు అసలు సైట్ బ్రౌజర్‌కి ఇచ్చే సెషన్ కుకీ దొంగ సర్వర్‌కి చేరుతుంది. ఈ వ్యక్తి అప్పటికే లాగిన్ అయ్యాడని సైట్‌కు చెప్పేది ఆ కుకీయే. అది చేతిలో ఉన్నంతసేపు దొంగకు పాస్‌వర్డ్ అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు. బాధితుడికి చివరికి అసలు సైట్ హోంపేజీయే కనిపించేలా చేస్తారు కాబట్టి ఏదో జరిగిందన్న అనుమానమే రాదు.

ఇలా పోయిన ఖాతాలో పాస్‌వర్డ్ ఒక్కటీ మార్చడం సరిపోకపోవచ్చు. కొన్ని సైట్లలో పాస్‌వర్డ్ మార్చినా పాత సెషన్లు బతికే ఉంటాయి. అన్ని డివైస్‌ల నుంచి లాగౌట్ చేసే బటన్‌ను విడిగా నొక్కాలి. టూ-ఫ్యాక్టర్ కొత్తగా ఆన్ చేసినా అంతే. అది రాబోయే లాగిన్‌లను అడ్డుకుంటుంది తప్ప, అప్పటికే లోపలున్నవాడిని బయటకు పంపదు.

## నకిలీ యాప్: దాడి ఫోన్‌లోకే వస్తే

బెట్టింగ్ యాప్‌ల విషయంలో ఆండ్రాయిడ్ వినియోగదారులకు ఏళ్ల తరబడి ఒక చెడ్డ అలవాటు అయింది. 2021 వరకు గూగుల్ ప్లే స్టోర్ డబ్బుతో ఆడే జూదం యాప్‌లను నాలుగు దేశాల్లోనే అనుమతించేది. ఆ ఏడాది మరో 15 దేశాలకు అనుమతి ఇచ్చింది. మిగతాచోట్ల సైట్ నుంచి ఏపీకే ఫైల్ దించుకుని, స్టోర్ బయటి యాప్‌లకు అనుమతి ఇచ్చి, ఇన్‌స్టాల్ చేసుకోవడమే పద్ధతి. ఇప్పటికీ చాలా చోట్ల అదే నడుస్తోంది. అసలు యాప్ కూడా అదే దారిలో వస్తుంటే నకిలీని వేరు చేసి చూడటం కష్టమవుతుంది.

అయితే ఆండ్రాయిడ్ లోపలే గుర్తుపట్టే ఆధారాలు రెండున్నాయి. మొదటిది అప్‌డేట్ సమయంలో కనిపిస్తుంది. ప్రతి యాప్‌కూ తయారుచేసినవాళ్ల డిజిటల్ సంతకం ఉంటుంది. అప్‌డేట్ అని చెప్పి వచ్చిన ఫైల్‌కు అదే సంతకం లేకపోతే ఫోన్ దాన్ని పాత యాప్ మీద ఇన్‌స్టాల్ చేయనివ్వదు, `App not installed` అని చెబుతుంది. నకిలీ చేసేవాళ్లకు ఈ సంతకం దొరకదు. అందుకని పాత యాప్‌ను తీసేసి కొత్తది వేసుకోమని మెసేజ్‌లోనే చెబుతారు. లేదంటే వాళ్ల యాప్ వేరే లోపలి పేరుతో వస్తుంది, అప్పుడు ఫోన్‌లో ఒకే బొమ్మతో రెండు ఐకాన్‌లు కనిపిస్తాయి. అప్‌డేట్ చేశాక పాత ఐకాన్ అలాగే ఉండి పక్కన ఇంకొకటి వచ్చిందంటే అది అప్‌డేట్ కాదు, వేరే యాప్.

రెండో ఆధారం అది అడిగే అనుమతులు. బెట్ వేయడానికి యాక్సెసిబిలిటీ అనుమతితో పని లేదు. చూపు సరిగా లేనివారికి తెర మీద ఉన్నది చదివి వినిపించే యాప్‌ల కోసం పెట్టిన ఏర్పాటు అది. దాన్ని ఇస్తే యాప్ తెర మీద ఉన్న అక్షరాలన్నీ చదవగలదు, వినియోగదారు బదులు బటన్‌లు నొక్కగలదు. నోటిఫికేషన్‌లు చదివే అనుమతి ఇస్తే ఎస్సెమ్మెస్ ఓటీపీ వచ్చిన క్షణమే దానికీ తెలుస్తుంది.

2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి, బయటి నుంచి దించిన యాప్‌లకు ఈ రెండు అనుమతులు నేరుగా ఇవ్వడం కుదరకుండా అడ్డు పెట్టారు. ఆ అడ్డు తొలగించాలంటే సెట్టింగ్స్‌లో ఆ యాప్ వివరాల పేజీకి వెళ్లి, పైన మూడు చుక్కలు నొక్కి, `Allow restricted settings` అన్నది ఎంచుకోవాలి. ఇంత లోపల ఉన్న ఆప్షన్‌ను ఎవరూ పొరపాటున నొక్కరు. అందుకే నకిలీ యాప్ తెర మీద బొమ్మలతో సహా ఆ దారి చూపిస్తుంది, లేదా సపోర్ట్ నుంచి అని ఎవరో ఫోన్ చేసి నొక్కిస్తారు. యాప్ ఏదైనా సరే ఈ ఆప్షన్ నొక్కమంటే అక్కడితో ఆపి, దాన్ని తీసేయాలి. ఈ ఒక్క గుర్తు తెలిసినా చాలా ఖాతాలు నిలబడతాయి.

ఐఫోన్‌లో ఈ దారి ఇరుకే కానీ మూసుకుపోలేదు. పరీక్ష యాప్‌ల కోసం ఉన్న టెస్ట్‌ఫ్లైట్ లింకులు, కాన్ఫిగరేషన్ ప్రొఫైల్‌లు, యాప్‌లా కనిపించే వెబ్ ఐకాన్‌లు వాడి నకిలీలను చేరవేస్తారు.

## ఏ రెండో తాళం దేన్ని ఆపుతుంది

గూగుల్ 2019లో తన ఖాతాల మీద జరిగిన దాడులను పరిశీలించి ఒక పోలిక ప్రచురించింది. ఫోన్‌కి ఎస్సెమ్మెస్ కోడ్ పంపినప్పుడు ఆటోమేటిక్ బాట్ దాడులు 100 శాతం, పెద్ద ఎత్తున చేసే ఫిషింగ్ 96 శాతం, ఒకరినే గురిపెట్టి చేసే దాడులు 76 శాతం ఆగాయి. సెక్యూరిటీ కీ అనే చిన్న పరికరం వాడినవాళ్ల విషయంలో మూడూ 100 శాతం ఆగాయి.

ఈ అంకెలు బెట్టింగ్ ఖాతాలకు కూడా దారి చూపిస్తాయి. 2022 నాటి దాడి బాట్ దాడి. ఆ ఖాతాల్లో యజమాని ఫోన్‌కే ఎస్సెమ్మెస్ ఓటీపీ వెళ్లే ఏర్పాటు ముందే ఉండి ఉంటే పాత పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లడం కుదిరేది కాదు. ఎస్సెమ్మెస్ బలహీనమైనదన్న మాటలో నిజముంది. సిమ్ స్వాప్‌తో నంబర్ వేరే సిమ్‌కి వెళ్లిపోవచ్చు, ప్రాక్సీ పేజీలో ఓటీపీ పోవచ్చు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కూడా 2017 నుంచి దాన్ని పరిమితులున్న పద్ధతిగానే చూస్తోంది. కానీ ఆ మాట విని ఏదీ పెట్టుకోకుండా ఉండటం అన్నిటికంటే ప్రమాదం. సైట్ ఎస్సెమ్మెస్ ఒక్కటే ఇస్తే అదే ఆన్ చేయాలి.

ఆథెంటికేటర్ యాప్ ఇంకో మెట్టు పైన ఉంటుంది. సెటప్ సమయంలో చూపే క్యూఆర్ కోడ్‌లో ఒక రహస్య సంఖ్య ఉంటుంది. ఫోన్, సైట్ రెండూ దాన్ని దాచుకుంటాయి. ఆ సంఖ్యనూ ప్రస్తుత సమయాన్నీ కలిపి లెక్కకట్టి సాధారణంగా ప్రతి 30 సెకన్లకు కొత్త ఆరంకెల కోడ్ ఇస్తాయి. నెట్‌వర్క్‌తో పని లేదు కాబట్టి సిమ్ స్వాప్ ఇక్కడ పనిచేయదు. కానీ ఆ కోడ్‌ను కూడా మనిషే టైప్ చేస్తాడు. నకిలీ పేజీలో టైప్ చేస్తే ఎస్సెమ్మెస్ ఓటీపీ ఎలా పోతుందో ఇదీ అలాగే పోతుంది.

ప్రాక్సీ పేజీ దగ్గర నిలిచేది పాస్‌కీ, అంటే పాస్‌వర్డ్ బదులు ఫోన్ లేదా కంప్యూటర్ దాచుకునే డిజిటల్ తాళంచెవి, లేదా సెక్యూరిటీ కీ. పాస్‌కీ ఏ అడ్రస్ దగ్గర తయారైందో ఆ అడ్రస్‌కే కట్టుబడి ఉంటుంది. పైన చూసిన `bonus-kyc.test` పేజీలో `betsite.example` పాస్‌కీని బ్రౌజర్ అసలు చూపించదు. అడ్రస్ చదివే బాధ్యత మనిషి నుంచి యంత్రానికి మారుతుంది. టైప్ చేయడానికి కోడే లేదు కాబట్టి ఫోన్‌లో అడిగి రాబట్టడమూ కుదరదు.

ఫోన్‌లోనే యాక్సెసిబిలిటీ అనుమతితో నకిలీ యాప్ కూర్చుని ఉంటే మాత్రం ఈ మూడూ చాలవు. లాగిన్ అయ్యాక ఆ తెర మీదే అది తన పని చేసుకోగలదు.

## సెటప్ చేసే క్రమం

మొదలుపెట్టాల్సింది బెట్టింగ్ సైట్ దగ్గర కాదు, దానికి ఇచ్చిన ఈమెయిల్ దగ్గర. పాస్‌వర్డ్ మర్చిపోయాను అని నొక్కితే లింకు వెళ్లేది ఆ మెయిల్‌కే. దానికి వేరే ఎక్కడా వాడని పాస్‌వర్డ్ పెట్టి, పాస్‌కీ గానీ ఆథెంటికేటర్ గానీ ముందు అక్కడ పెట్టాలి. మెయిల్ సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్, ఫిల్టర్‌లు కూడా ఒకసారి చూడాలి. లోపలికి వచ్చిన దొంగ హెచ్చరిక మెయిళ్లు కనిపించకుండా తొలగించే ఫిల్టర్‌ను పెట్టి వెళ్లిపోవడం తరచూ జరిగేదే.

తర్వాత బెట్టింగ్ సైట్. అడ్రస్‌ను చేత్తో టైప్ చేసి లేదా బుక్‌మార్క్ నుంచి తెరిచి, పాస్‌వర్డ్ మేనేజర్ తయారుచేసిన కొత్త పాస్‌వర్డ్ పెట్టాలి. ఈ మేనేజర్ వల్ల ఇంకో లాభం ఉంది. తప్పు అడ్రస్‌లో అది పాస్‌వర్డ్‌ను తనంతట తాను నింపదు. నింపలేదంటే కాపీ చేసి అతికించే ముందు అడ్రస్ చూసుకోవాలి. ఆ తర్వాత అన్ని డివైస్‌ల నుంచి లాగౌట్ చేసి, సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో టూ-ఫ్యాక్టర్ ఆన్ చేయాలి.

ఆథెంటికేటర్ ఎంచుకుంటే క్యూఆర్ కోడ్‌ను స్క్రీన్‌షాట్ తీసి గ్యాలరీలో వదిలేయకూడదు. ఆ బొమ్మ ఎవరికి దొరికితే వాళ్ల ఫోన్‌లోనూ అవే కోడ్‌లు వస్తాయి. సైట్ ఇచ్చే రికవరీ కోడ్‌లను కాగితం మీద రాసి పెట్టుకోవడం మంచిది. కోడ్ సరిగ్గా కొట్టినా తప్పు అంటుంటే చాలాసార్లు కారణం ఫోన్ గడియారమే. తేదీ, సమయం ఆటోమేటిక్‌గా ఉండేలా పెడితే సరిపోతుంది. 2023 నుంచి గూగుల్ ఆథెంటికేటర్ కోడ్‌లను గూగుల్ ఖాతాతో సింక్ చేసుకునే వీలిస్తోంది. ఫోన్ పోతే ఇది ఆదుకుంటుంది, కానీ అప్పుడు ఆ గూగుల్ ఖాతా పోతే అన్ని కోడ్‌లూ పోయినట్టే. మెయిల్‌ను ముందు భద్రం చేయమనడానికి ఇది రెండో కారణం.

ఆన్ చేశాక పరీక్షించడం చాలామంది వదిలేస్తారు. ప్రైవేట్ విండో తెరిచి లాగిన్ అయి చూడాలి. కోడ్ అడగాలి. ఆ విండోలోనే కొత్త పేమెంట్ పద్ధతి జోడించే పేజీ వరకు, విత్‌డ్రా పేజీ వరకు వెళ్లి, అక్కడ మళ్లీ కోడ్ అడుగుతుందో లేదో చూడాలి. లాగిన్ దగ్గర ఒక్కసారే అడిగే సైట్‌లో కుకీ పోతే డబ్బుకు అడ్డేమీ మిగలదు. విత్‌డ్రా దగ్గర కూడా అడిగే సైట్‌లో దొంగ ఇంకో కోడ్ రాబట్టుకోవాలి. మొదటి రకం సైట్ అయితే పెద్ద బ్యాలెన్స్ అందులో ఉంచకపోవడమే మేలు. ఇక లాగిన్ పేజీలో వేరే మార్గం ప్రయత్నించండి అన్న లింకు ఉంటే అదీ నొక్కి చూడాలి. పాస్‌కీ పెట్టుకున్నా, ఆ లింకు వెనక ఎస్సెమ్మెస్ దారి తెరిచి ఉంటే ఖాతాకు ఉన్న భద్రత ఎస్సెమ్మెస్ అంతే.

## ఖాతా అప్పటికే పోతుంటే

లాగిన్ ఇంకా పనిచేస్తుంటే మొదట చూడాల్సింది పెండింగ్‌లో ఉన్న విత్‌డ్రా. చాలా సైట్లు దాన్ని కొంతసేపు పరిశీలనలో ఉంచుతాయి, అంతవరకు రద్దు చేసే వీలుంటుంది. దాని తర్వాత తెలియని పేమెంట్ పద్ధతిని తీసేయాలి, పాస్‌వర్డ్ మార్చాలి, అన్ని డివైస్‌ల నుంచి లాగౌట్ చేయాలి, టూ-ఫ్యాక్టర్‌లో ఉన్న నంబర్ తనదేనా అని చూడాలి. లాగిన్ పనిచేయకపోతే సైట్ సపోర్ట్‌కి రాసే మొదటి వాక్యం ఖాతాను, విత్‌డ్రాలను వెంటనే ఆపమనే అభ్యర్థన అయి ఉండాలి. వివరాలు తర్వాత. ఖాతాకు జోడించిన కార్డు నుంచి కూడా డిపాజిట్లు లాగి ఉండొచ్చు కాబట్టి బ్యాంకుకూ చెప్పాలి.

ఈ మధ్యే ఏదైనా ఏపీకే ఇన్‌స్టాల్ చేసి ఉంటే ఈ పనులేవీ ఆ ఫోన్ నుంచి చేయకూడదు. కొత్త పాస్‌వర్డ్ కూడా ఆ యాప్ కళ్లముందే టైప్ చేసినట్టవుతుంది. వేరే డివైస్ వాడి, ఆ ఫోన్‌ను ముందు నెట్ నుంచి తప్పించాలి. యాక్సెసిబిలిటీ జాబితాలో తెలియని యాప్ ఉంటే ఆ అనుమతి తీసి, యాప్‌ను తొలగించాలి. తీయబోతే సెట్టింగ్స్ పేజీ తనంతట తాను మూసుకుపోతుంటే ఆ యాప్ తనను తాను కాపాడుకుంటోందని అర్థం. సేఫ్ మోడ్‌లో ప్రయత్నించాలి, కుదరకపోతే ఫ్యాక్టరీ రీసెట్ ఒక్కటే దారి.

డబ్బు పోయిందని సోషల్ మీడియాలో సైట్‌ను ట్యాగ్ చేసి రాస్తే నిమిషాల్లో సపోర్ట్ పేరుతో మెసేజ్‌లు రావడం మొదలవుతుంది. కొందరు డబ్బు తిరిగి ఇప్పిస్తామని ముందస్తు ఫీజు అడుగుతారు, కొందరు ధ్రువీకరణ కోసమని ఓటీపీ అడుగుతారు. సైట్‌లోని చాట్‌లో, లేదా సైట్ హెల్ప్ పేజీలో ఉన్న అడ్రస్‌తో జరిగే సంభాషణనే నమ్మాలి. సపోర్ట్‌తో మాట్లాడేటప్పుడు ఆ ఐదు డాలర్ల లాంటి చిన్న డిపాజిట్ వివరాన్ని, అది వచ్చిన సమయంతో సహా తప్పకుండా చెప్పాలి. డబ్బు ఎవరి పేమెంట్ పద్ధతికి వెళ్లిందో సైట్ తన రికార్డుల్లో వెతకడం మొదలుపెట్టేది ఆ ఎంట్రీ నుంచే.